30 శాతం మార్జిన్, 8 శాతం ఖర్చు: ఈ రెండూ ఒకే షాపులో ఉంటాయా?

ప్రశ్న: నేను డి.ఫార్మసీ చదివాను. సూర్యాపేటలో ఒక నర్సింగ్ హోమ్ లోపలి ఫార్మసీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం 20 వేలు. సొంతంగా మెడికల్ షాపు పెడదామని 10 లక్షల లోన్‌కి ప్రాజెక్ట్ రిపోర్ట్ వేయించాను. అందులో నెలకు 9 లక్షల అమ్మకం, 30 శాతం గ్రాస్ మార్జిన్, 8 శాతం ఖర్చులు, మిగిలేది 22 శాతం. 30 అనేది మా ఫార్మసీలో చూసిందే. 8 మాత్రం నెట్‌లో డీమార్ట్ లెక్కలు చూసి పెట్టాం. బ్యాంకు మేనేజర్ గారు "ఈ లైన్‌లో ఇంత మిగలదమ్మా, మళ్లీ చూసుకుని రండి" అని ఫైలు వెనక్కి ఇచ్చేశారు. ఈ లైన్‌లో ఎంత మిగులుతుందో ఎక్కడ తెలుస్తుంది? నా అంకెలు నిజంగా అంత తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: విడివిడిగా చూస్తే మీ రెండు అంకెలూ అబద్ధాలు కావు. 30 శాతం మిగిలే ఫార్మసీలు ఉన్నాయి, మీరు పనిచేస్తున్నదే ఒకటి. 8 శాతం ఖర్చుతో నడిచే దుకాణాలూ ఉన్నాయి. చిక్కల్లా ఒకదాన్ని ఒక వ్యాపారం నుంచి, రెండోదాన్ని ఇంకో వ్యాపారం నుంచి తెచ్చి మూడో వ్యాపారానికి అతికించడం. నేను చాలా ఏళ్లు బ్యాంకులో చిన్న వ్యాపారుల లోన్ ఫైళ్లు చూశాను. మేనేజర్లు ఫైలు తెరవగానే ముందు చూసేది ఈ అతుకునే.

డీమార్ట్‌తోనే మొదలుపెడదాం. దాన్ని నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ లెక్కల్లో గ్రాస్ మార్జిన్ కొన్నేళ్లుగా 15 శాతం చుట్టూ ఉంటోంది. వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు మిగిలేది 8 శాతం చుట్టూ. అంటే ఖర్చులు 7 శాతం దగ్గర. మీరు తీసుకున్న 8 దీనికి దగ్గరగానే ఉంది. కానీ ఆ 7 ఎందుకంత తక్కువో చూడండి. వాళ్లు చాలా చోట్ల బిల్డింగు సొంతంగా కొనుక్కుంటారు, కాబట్టి అద్దె దాదాపు కనబడదు. తక్కువ ధరకి అమ్ముతారు, అందుకే జనం ఎగబడతారు, ఒక్కో స్టోరులో అమ్మకం విపరీతంగా ఉంటుంది. అంత అమ్మకం మీద పంచేసరికి జీతాలు, కరెంటు చిన్న శాతాలుగా కనబడతాయి. 15 శాతం మార్జిన్‌కి ఒప్పుకున్నారు కాబట్టే 7 శాతం ఖర్చు సాధ్యమైంది. మార్జిన్, ఖర్చు జంటగా నడుస్తాయి. మీరు ఆ జంటలో ఖర్చును తెచ్చుకుని మార్జిన్‌ని అక్కడే వదిలేశారు.

మీ నర్సింగ్ హోమ్ ఫార్మసీ సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ చీటీ రాసే డాక్టరు, ఏ కంపెనీ మందు కొనాలో తేల్చే మేనేజ్‌మెంటు ఒకే కప్పు కింద ఉంటారు. ఎంఆర్‌పీకీ కొన్న ధరకీ బాగా తేడా ఉన్న ఇంజెక్షన్లు, సెలైన్ సెట్లు, సర్జికల్ సరుకు అక్కడ ఎక్కువ పోతాయి. మంచం మీదున్న పేషెంటు తాలూకు వాళ్లు "టెన్ పర్సెంట్ తగ్గించు" అని బేరమాడరు. 30 శాతం అక్కడ పుట్టింది. మీరు రోడ్డు మీద షాపు తెరిచిన రోజున వీటిలో ఏదీ మీ వెంట రాదు.

మరి రోడ్డు మీది మెడికల్ షాపుకి ఎంత? ఈ విషయంలో మీ లైన్‌లో ఒక సుఖం ఉంది. బట్టల షాపుకో కర్రీ పాయింట్‌కో మార్జిన్ ఎంతని అడిగితే పదిమంది పది మాటలు చెబుతారు. మందుల షాపుకి మాత్రం చాలా సరుకు మీద మార్జిన్‌ని చట్టమో, ఏళ్లనాటి వాడుకో ముందే తేల్చేసి ఉంచాయి. కాబట్టి ఇండస్ట్రీ సగటు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, కింద నుంచి మీరే కట్టుకోవచ్చు.

2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చే మందులు కొన్ని ఉంటాయి. వాటికి గరిష్ఠ ధర కట్టేటప్పుడు, షాపు వాడు కొనే ధరల సగటు మీద 16 శాతం కలుపుతారు. ఆ 16 మీ మార్జిన్. కానీ అది కొన్న ధర మీద 16. వంద పెట్టి కొన్నది 116కి అమ్ముతారు, కాబట్టి అమ్మకం మీద చూస్తే 13.8 శాతమే. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. మార్కెట్‌లో ఎవరైనా మార్జిన్ ఇంత అంటే, కొన్న ధర మీదా అమ్మిన ధర మీదా అని వెంటనే అడగండి. కొన్నదాని మీద 30 శాతం వేసుకున్నా, అమ్మకం మీద అది 23 అవుతుంది.

నియంత్రణలో లేని బ్రాండెడ్ మందుల మీద రిటైలరుకి 20 శాతం ఇవ్వడం వాడుక. ఇది అమ్మకపు ధర మీదే, కానీ జీఎస్టీ తీసేసిన ధర మీద. ఇక్కడ ఇంకో గుంట ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 5 శాతం. ఎంఆర్‌పీలో ఆ పన్ను కలిసే ఉంటుంది. 105 ఎంఆర్‌పీ ఉన్న మందులో మీ అమ్మకం 100, మిగతా 5 ప్రభుత్వానిది. కొన్న ధర 80. రిపోర్ట్ తయారుచేసేవాళ్లు అమ్మకాన్ని 105గా, కొనుగోలుని పన్ను లేకుండా 80గా వేసేస్తే 20 శాతం మార్జిన్ కాస్తా దాదాపు 24 అయి కూర్చుంటుంది. మీ రిపోర్ట్‌లో ఎలా వేశారో ఒకసారి చూడండి.

జనరిక్స్ మీద 40, 50, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. బేబీ ఫుడ్, డైపర్లు, సబ్బుల మీద 10 చుట్టూ ఉంటుంది. సర్జికల్ సరుకు మీద 30 వేసుకోవచ్చు.

ఇప్పుడు వీటిని కలపాలి. కింది వాటాలు నేను ఊహించి వేసినవి, మీ వీధికి తగ్గట్టు మీరు మార్చుకోండి. పన్ను తీసేశాక ఎంఆర్‌పీ లెక్కన 100 రూపాయల సరుకు అమ్మారనుకుందాం. అందులో నియంత్రణ మందులు 20 రూపాయలవి, మామూలు బ్రాండెడ్ 50, జనరిక్ 10, బేబీ ఫుడ్ లాంటివి 15, సర్జికల్ 5. జనరిక్స్‌కి 50 శాతం వేసుకుని, ఒక్కోదాని మార్జిన్ కూడితే 20 రూపాయల 75 పైసలు వస్తుంది. అంటే సరుకు మీకు 79.25కి పడింది. స్టాకిస్టులు ఇచ్చే పదికి ఒకటి ఫ్రీ లాంటి స్కీముల వల్ల రూపాయి పావలా కలిసొస్తుందనుకుందాం, 78కి దిగింది. ఎక్స్‌పైరీ అయ్యి వెనక్కి తీసుకోనివి, తెగిన స్ట్రిప్పులు, పగిలిన సీసాల కింద ఒక రూపాయి పోతుంది. మళ్లీ 79.

ఇక డిస్కౌంట్. ఇవాళ ఏ ఊళ్లోనైనా మెడికల్ షాపు ముందు పది శాతం బోర్డు లేకుండా ఉండట్లేదు. మీరు సగం బిల్లులకి పది శాతం ఇచ్చారనుకోండి, చేతికొచ్చేది 95. 95లో 79 పోతే 16. అమ్మకం మీద 16.8 శాతం. పదిహేడు అనుకోండి.

ఇదీ మీ 30 పక్కన పెట్టి చూడాల్సిన అంకె. మేనేజర్ గారి మనసులో ఉన్నదీ దాదాపు ఇదే అయ్యుంటుంది, ఎందుకంటే ఆయన బ్రాంచిలో మెడికల్ షాపుల ఖాతాలు కనీసం నాలుగైదు ఉంటాయి.

అయితే సగటుకి దూరంగా ఉన్నంత మాత్రాన అంకె తప్పని నేననను. దూరంగా ఉంటే, ఆ దూరం నిజం కావడానికి ఏం జరగాలో వెనక్కి లెక్కకట్టి చూడాలి. మీ షాపులో 30 శాతం మిగలాలంటే, మిగతా వాటి నిష్పత్తి ఇలాగే ఉంచి, జనరిక్స్ వాటాని పెంచుకుంటూ పోయి చూశాను. 100 రూపాయల సరుకులో 48, 49 రూపాయలవి జనరిక్సే అయితే తప్ప 30 రాలేదు. పదో వంతు నుంచి దాదాపు సగానికి. ఇది జరుగుతుందా? డాక్టరు బ్రాండు పేరు రాసి ఇస్తాడు. చీటీలో రాసిన దాని బదులు అదే మందున్న ఇంకో బ్రాండు ఇవ్వడానికి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ఒప్పుకోదు, అది మీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు. కాబట్టి చీటీతో వచ్చే అమ్మకంలో మీ చేతుల్లో ఉన్నది తక్కువ. ఎవరైనా జనరిక్స్ మాత్రమే పెట్టి షాపు నడుపుతామంటే అది వేరే ప్లాను, దాని అమ్మకం అంకె కూడా వేరుగా ఉంటుంది. బిల్లు విలువే పడిపోతుంది కదా.

వెనక్కి లెక్కకట్టడం డిస్కౌంట్ విషయంలో కూడా కళ్లు తెరిపిస్తుంది. సగం మందికి కాకుండా అందరికీ పది శాతం ఇస్తే 100కి 90 వస్తాయి, 79 పోతాయి, 11 మిగులుతాయి. 17 కాస్తా 12 అయింది. పక్కన ఎవడో 20 శాతం బోర్డు పెట్టాడని మీరూ పెడితే 80 వస్తాయి, సరుకు 79కి వచ్చింది. ఒక్క రూపాయి మిగులుతుంది, దాంట్లోంచే అద్దె కట్టాలి. పెద్ద చెయిన్లు ఎలా ఇస్తున్నాయంటారేమో. వాళ్లకి సొంత బ్రాండు సరుకుంది, మధ్యలో స్టాకిస్టు లేకుండా కొనే బలం ఉంది, ఆ డిస్కౌంటుకి రకరకాల షరతులుంటాయి.

చెయిన్ల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. డీమార్ట్ బదులు మీ లైన్‌లోదే చూడాలనిపించి, హైదరాబాద్ కంపెనీయే కదా అని మెడ్‌ప్లస్ వార్షిక నివేదిక తెరుస్తారనుకోండి. చూడండి, తప్పులేదు. అది 2021 డిసెంబర్‌లో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది, లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటాయి. అందులోని లాభనష్టాల పట్టికలో గ్రాస్ మార్జిన్ అని ఒక లైను రాసి ఉండదు. అమ్మకాల ఆదాయంలోంచి సరుకు కొనుగోలు, ముడిసరుకు వాడకం, నిల్వల్లో మార్పు అనే మూడింటినీ తీసేస్తే వచ్చేదే అది. వాళ్లది 20 శాతానికి పైనే కనబడుతుంది, సొంత బ్రాండు వల్ల. అసలు మోసపోయేది ఖర్చుల దగ్గర. 2019 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకి ఇండ్ ఏఎస్ 116 అనే లెక్కల పద్ధతి వచ్చింది. దాని ప్రకారం ఏళ్ల తరబడి లీజుకి తీసుకున్న షాపుల అద్దె, అద్దె అనే పేరుతో కనబడదు. కొంత తరుగుదలలోకి, కొంత వడ్డీలోకి వెళ్లిపోతుంది. వేల షాపులున్న కంపెనీకి అద్దె ఇంతేనా అని ఆశ్చర్యపోయి, ఆ శాతాన్ని మీ ప్లానులో వేసుకుంటే మునుగుతారు. నగదు ప్రవాహాల పట్టికలో లీజు చెల్లింపులు అని ఉంటుంది, అక్కడ చూడాలి.

తెలిసిన షాపువాళ్ల ఐటీ రిటర్న్ సంపాదించి పోల్చుకోవడం ఇంకో అలవాటు. అది ఇంకా ప్రమాదం. చిన్న వ్యాపారులు చాలామంది అంచనా లాభం పద్ధతిలో, 1961 పన్ను చట్టంలో అయితే 44ఏడీ కింద, రిటర్న్ వేస్తారు. అందులో నగదు అమ్మకం మీద 8, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం లాభం అని చూపిస్తే చాలు, పుస్తకాలు అడగరు. కాబట్టి పది రిటర్న్‌లు తెస్తే పదింటిలోనూ 6, 8 కనబడుతుంది. అది చట్టం పెట్టిన అంకె. ఆ షాపులో నిజంగా ఎంత మిగిలిందో దానికి తెలియదు. ట్యాక్స్ ఆడిట్ అయ్యే పెద్ద షాపు మీకు తెలిసినవాళ్లది ఉంటే మాత్రం అడగండి. ఆ ఆడిట్ రిపోర్టులో గ్రాస్ లాభం శాతం, నికర లాభం శాతం, నిల్వకీ అమ్మకానికీ నిష్పత్తి అన్నీ విడిగా రాయాల్సి ఉంటుంది.

ఇక మీ 8 శాతం ఖర్చు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది పైకి కనబడినంత అమాయకమైన అంకె కాదు.

ఖర్చుల్ని శాతంలో రాయడమే ఒక దురలవాటు. ఇంటి ఓనరు మీ అమ్మకంలో శాతం అడగడు, నెల తిరిగేసరికి 15 వేలు అడుగుతాడు. అందుకే ముందు రూపాయల్లో రాయండి. మీరు అద్దె, జీతాలు ఎంతనుకుంటున్నారో ఉత్తరంలో రాయలేదు, నేను ఓ మోస్తరుగా వేస్తున్నాను. అద్దె 15 వేలు. ఇద్దరు హెల్పర్లు, చెరి 11 వేలు, 22 వేలు. ఫ్రిజ్ రాత్రింబగళ్లు తిరగాలి, ఏసీ ఉంటుంది, కరెంటు 5 వేలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఫోను, కవర్లు, ఆడిటరు ఫీజు, ఇన్సూరెన్స్, స్టాకిస్టు దగ్గరికి తిరిగే పెట్రోలు, చిల్లర మల్లర అన్నీ కలిపి 9 వేలు. మొత్తం 51 వేలు. దీనికి మీ జీతం 20 వేలు కలపాలి.

"నా షాపులో నాకు జీతమేంటి" అంటారు. ఫార్మసిస్టు లేకుండా చీటీ మందు అమ్మకూడదు. మీరు లేకపోతే ఇంకొకర్ని జీతానికి పెట్టుకోవాలి. పైగా ఆ 20 వేలు ఇవాళ మీకు వస్తున్నాయి, షాపు పెట్టిన మర్నాటి నుంచి రావు. చిన్న షాపుల లెక్కలు పోల్చేటప్పుడు ఎక్కువగా మరుగున పడేది ఈ యజమాని జీతమే, దాని తర్వాత సొంత మడిగె అద్దె. ఎవరైనా "మాకు నెలకి 50 వేలు మిగులుతాయి" అంటే, అందులో భార్యాభర్తల కష్టం, కట్టని అద్దె ఎంతో అడిగి తీసేసి చూడాలి.

కలిపితే 71 వేలు. ఇప్పుడు చూడండి తమాషా. 9 లక్షల అమ్మకం మీద 71 వేలు అంటే దాదాపు 8 శాతం. మీ ఖర్చు శాతం పట్టికలో పడి ఉన్నట్టే ఉంది! కానీ అదే 71 వేలు 4 లక్షల 50 వేల అమ్మకం మీద దాదాపు 16 శాతం. 3 లక్షల 60 వేల మీద దాదాపు 20 శాతం. రూపాయలు కదల్లేదు, అమ్మకం కదిలింది. అంటే మీ రిపోర్ట్‌లో "ఖర్చులు 8 శాతం" అన్నది ఖర్చు గురించి చెప్పట్లేదు, "మొదటి నెల నుంచే నేను 9 లక్షలు అమ్ముతాను" అని ఇంకో వేషంలో చెబుతోంది. పరీక్షించాల్సింది ఆ 9 లక్షలని.

నా ఉద్యోగం కొత్తలో ఇలాంటి ఫైలే ఒకటి, ఫ్యాన్సీ షాపుది, నేనే సిఫార్సు చేసి పంపాను. శాతాలన్నీ ఇండస్ట్రీకి దగ్గరగా ఉన్నాయని మురిసిపోయాను. అమ్మకం అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగడం మర్చిపోయాను. ఏడాది తిరక్కుండానే అది మొండి బకాయి అయింది. అప్పట్నుంచి ఖర్చు శాతం చూడగానే నా కన్ను అమ్మకం గడి మీదికి వెళ్తుంది.

9 లక్షలంటే రోజుకి 30 వేలు. సగటు బిల్లు 230 అనుకుంటే రోజుకి 130 బిల్లులు. సూర్యాపేటలో మీరు పెట్టబోయే వీధిలో ఇప్పుడున్న షాపులు ఎన్ని బిల్లులు కొడుతున్నాయో మీకు ఎవరూ చెప్పరు, కానీ వాళ్ల బిల్లులే చెబుతాయి. పొద్దున షాపు తీయగానే వెళ్లి ఒక పారాసిటమాల్ స్ట్రిప్పు కొని బిల్లు తీసుకోండి. రాత్రి మూసే ముందు ఇంకొకటి కొనండి. రెండు బిల్లుల నంబర్ల మధ్య తేడానే ఆ రోజు బిల్లుల సంఖ్య. రెండు మూడు షాపుల్లో, ఒక సోమవారం, ఒక ఆదివారం, నెల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చేయండి. బిల్లు లేకుండా అమ్మేవి కొన్ని ఉంటాయి, రెండు కౌంటర్లుంటే రెండు వరసలు ఉండొచ్చు, అది గమనించుకోండి. అయినా మీ ఆడిటరు రాసిన 9 లక్షల కన్నా ఇది వందరెట్లు నమ్మదగ్గ అంకె. పదిహేనేళ్లుగా ఉన్న షాపు 120 బిల్లులు కొడుతుంటే, కొత్త షాపు మొదటి ఏడాదే 130 కొడుతుందని ఎవరూ నమ్మరు.

బ్రేక్ ఈవెన్ కూడా బిల్లుల్లోకి మార్చి చూసుకోండి. మీ జీతం, కిస్తీ పక్కన పెట్టి, 51 వేలు మాత్రం గట్టెక్కాలంటే 16.8 శాతం మార్జిన్ మీద నెలకు 3 లక్షల 4 వేల అమ్మకం కావాలి, రోజుకి 44 బిల్లులు. మీ జీతం కలిపి, 10 లక్షల లోన్‌కి ఐదేళ్లు, 11 శాతం వడ్డీ అనుకుంటే వచ్చే 21,700 కిస్తీ కూడా కలిపితే 92,700. దానికి 5 లక్షల 52 వేలు అమ్మాలి. రోజుకి 80 బిల్లులు.

మొదటి ఏడాది సగటున మీరు రోజుకి 65 బిల్లులు, అంటే 15 వేలు, నెలకి 4 లక్షల 50 వేలు అమ్ముతారనుకుందాం. కొత్త షాపుకి ఇది చెడ్డ అంకె కాదు. గ్రాస్ 75,600. ఖర్చు 51 వేలు పోతే 24,600. కిస్తీ పోతే 2,900. మీ 20 వేల జీతం స్థానంలో 2,900. మీ రిపోర్ట్‌లో కిస్తీకి ముందు గడిలో 24,600 బదులు ఒక లక్షా 98 వేలు ఉంది. మేనేజర్ గారు ఫైలు వెనక్కి ఇచ్చి మీకు మేలే చేశారు.

ప్లాను వదిలేయమని కాదు నా ఉద్దేశం. పోల్చి చూడటం వల్ల ఏ అంకె మార్చాలో తెలిసింది, అది లోన్ మొత్తం. నిల్వ సంగతి చూడండి. 4 లక్షల 50 వేల అమ్మకానికి నెలకి పోయే సరుకు 3 లక్షల 75 వేలది. నెలన్నర నిల్వ పెట్టుకున్నా 5 లక్షల 60 వేలు చాలు. 9 లక్షల అమ్మకం ఊహించి అంతకంటే ఎక్కువ సరుకు నింపితే కదలని మందులు ఎక్స్‌పైరీ దాకా ర్యాకులో కూర్చుంటాయి, పైన నేను వేసిన ఒక్క రూపాయి నష్టం రెండవుతుంది. ఫర్నిచర్, ఫ్రిజ్, అడ్వాన్సుల్లో కొంత మీ చేతి డబ్బు పెట్టుకుని లోన్ 7 లక్షలకి తగ్గిస్తే కిస్తీ 15,200 అవుతుంది. మొదటి ఏడాది మీకు 9,400 మిగులుతాయి. మీ జీతంతో సహా అన్నీ గట్టెక్కే అమ్మకం రోజుకి 74 బిల్లులకి దిగుతుంది. ఇంటి ఖర్చుకి ఏడాదిపాటు తక్కువ పడే పదిన్నర వేలు ఎక్కణ్ణుంచి వస్తాయో అది కూడా కాగితం మీద రాయండి. ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టి, తర్వాత కిస్తీ మొదలయ్యేలా అడిగి చూడండి, ఆ వెసులుబాటు అడగడంలో తప్పులేదు.

మళ్లీ వెళ్లేటప్పుడు శాతాల పట్టికతో పాటు మూడు కాగితాలు పట్టుకెళ్లండి. ఒకటి, స్టాకిస్టు బిల్లుల నుంచి తీసిన ఓ నలభై రకాల సరుకు పట్టిక. ఆ బిల్లుల్లో రిటైలరు ధర, ఎంఆర్‌పీ పక్కపక్కనే అచ్చయి ఉంటాయి, వాటి నుంచి నా ఊహా వాటాల బదులు మీ అసలు మార్జిన్ వస్తుంది. రెండోది, ఖర్చులు రూపాయల్లో, అద్దె ఒప్పందం జిరాక్సుతో. మూడోది, బిల్లు నంబర్లతో మీరు వేసిన లెక్క, ఏ రోజు ఏ షాపులో ఎన్ని అని. షాపు పేర్లు రాయకండి, ఎ, బి, సి అనండి చాలు. ఎక్కడైనా మీ అంకె మామూలు కంటే వేరుగా ఉంటే పక్కన కారణం ఒక వాక్యంలో రాయండి. మడిగె మీ మేనమామది కాబట్టి అద్దె తక్కువ అనో, పక్కనే పిల్లల డాక్టరు ఉన్నారు కాబట్టి బేబీ ఫుడ్ వాటా ఎక్కువ, మార్జిన్ 17 కాదు 16 అనో. మార్జిన్ తగ్గించి రాసిన ఫైలు మేనేజర్లకి తరచుగా కనబడదు, ఆయన కచ్చితంగా ఆగి చదువుతారు.

ఒకవేళ మీ అమ్మకం అంకె నిజంగా ఆ పక్క క్లినిక్ మీదే ఆధారపడి ఉంటే, సంతకాలు పెట్టేముందు ఆ డాక్టరు గారి అద్దె ఒప్పందం ఎప్పటిదాకా ఉందో కనుక్కోండి. ఆయన రెండు వీధుల అవతలికి మారితే మీ 65 బిల్లుల్లో ఎన్ని మిగులుతాయో, దాన్నిబట్టి లెక్క ఇంకోసారి వేసుకోండి.